వాలంటీర్లే ఎక్కువగా ఉన్న షార్ట్ ఫిల్మ్‌కి క్రూ డీల్ మెమో: ఏం రాయాలి, ఎంత రాయాలి

ప్రశ్న: మా షార్ట్ ఫిల్మ్ షూటింగ్ నాలుగు రోజులు. యూనిట్‌లో పద్నాలుగు మంది ఉంటే ఇద్దరికి మాత్రమే డబ్బులు ఇవ్వగలం. మిగతావాళ్లంతా ఫ్రెండ్స్, వాళ్ల ఫ్రెండ్స్. కెమెరా, లెన్సులు, లైట్లు కూడా ఎవరో ఒకరు వాడుకోమని ఇస్తున్నవే. అందరి దగ్గరా డీల్ మెమో మీద సంతకం తీసుకోమని ఒకరు సలహా ఇచ్చారు. డబ్బులే లేనప్పుడు అందులో ఏం రాయాలి? ఎంత వివరంగా రాయాలి?

తప్పకుండా రాయండి. మనిషికి ఒక పేజీ చాలు. షూటింగ్‌కి కనీసం వారం ముందు అది వాళ్ల చేతికి చేరాలి. ఆ పేజీలో డబ్బు, పని గంటలు, టైటిల్స్‌లో పేరు, చేసిన పని మీద హక్కు ఉండాలి. వస్తువులు ఇస్తున్నవాళ్లకి మాత్రం దానితో పాటు విడిగా ఒక పరికరాల పత్రం కావాలి. మీ సినిమాకి నిజమైన ప్రమాదం ఆ రెండో పత్రం లేకపోతేనే వస్తుంది. అందుకే మిగతావి కొంచెం త్వరగా చెప్పి, దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

నేను చాలాకాలంగా చిన్న సినిమాలకి ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. జీతాలిచ్చే సినిమాలో చాలా గొడవలు డబ్బుతోనే సర్దుకుంటాయి. ఆలస్యమైతే ఓవర్‌టైమ్ ఇస్తారు, లైటు పగిలితే అద్దెకిచ్చినవాళ్లు బిల్లు పంపుతారు. వాలంటీర్ల సినిమాలో అలా సర్దడానికి ఏమీ ఉండదు. ఎవరు ఏం అనుకుని వచ్చారన్న దాని మీదే అంతా నడుస్తుంది. ఒకరు రెండు రోజులే అనుకుని వస్తారు, ఇంకొకరు సినిమా అమ్ముడైతే తనకూ వాటా ఉంటుందనుకుంటారు. ఈ అనుకోవడాలన్నీ ముందే కాగితం మీదకి తేవడమే మెమో పని.

డబ్బు గురించి: "లేదు" అన్న మాట కూడా రాయాలి

వాలంటీర్ మెమోలో డబ్బు గడిని ఖాళీగా వదిలేస్తారు. అలా చేయకండి. నేను రాసే వాక్యం ఇలా ఉంటుంది: "ఈ పనికి పారితోషికం లేదు. సినిమాకి తర్వాత ఆదాయం వచ్చినా ఇందులో వాటా ఉండదు. కింద రాసిన ఖర్చులు మాత్రం రసీదు ఇచ్చిన పది రోజుల్లో ప్రొడక్షన్ చెల్లిస్తుంది." ఆ కింద ప్రయాణం, సెట్‌లో భోజనం, రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేర్చడం లాంటివి, ఒక్కోదానికి పరిమితితో సహా రాయండి. సొంత కారులో సామాను మోసేవాళ్లుంటే పెట్రోలు ఖర్చు ఎలా లెక్కకడతారో కూడా అక్కడే ఉండాలి.

ఖర్చుల పేరుతో అందరికీ రోజుకింత అని ఒకే మొత్తం ఇచ్చేద్దామని అనిపిస్తుంది, పని సులువు కాబట్టి. అయితే చాలా దేశాల్లో కాగితం మీద వాలంటీర్ అని రాసినంత మాత్రాన చట్టం ఆ మనిషిని వాలంటీర్‌గా చూడదు. మీరు వేళలు పెట్టి, పని చెప్పి, ఖర్చుతో సంబంధం లేకుండా రోజూ స్థిరంగా డబ్బు ఇస్తుంటే దాన్ని వేతనంగా లెక్కపెట్టే అవకాశం ఉంది. అప్పుడు కనీస వేతనం ప్రశ్న వస్తుంది. అందుకే అసలు ఖర్చు, అసలు రసీదు. మీరున్న చోట రూల్స్ ఏమిటో తెలిసిన లాయర్‌తో ఒకసారి మెమో చదివించండి. ఒక పేజీయే కదా, ఎక్కువ సేపు పట్టదు.

"సినిమాకి డబ్బులొస్తే ఇస్తాం" అనే మాట మెమోలో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. షార్ట్ ఫిల్మ్‌కి వచ్చే ఆదాయం చాలాసార్లు ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులకే సరిపోదు. అయినా ఇవ్వాలనే ఉంటే మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి. ఏ డబ్బులోంచి ఇస్తారు? దానికంటే ముందు ఏ ఖర్చులు తీసేస్తారు? మిగిలింది ఎవరెవరికి ఏ లెక్కన పంచుతారు? ఉదాహరణకి ప్రైజ్ మనీ 100 వచ్చిందనుకోండి. ఎంట్రీ ఫీజులకి 40, సబ్‌టైటిళ్లకి 15 పోతే మిగిలేది 45. అది పన్నెండు మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి నాలుగు కూడా రాదు. ఈ లెక్క ముందే చూపిస్తే చాలామంది "వద్దులెండి, నా పేరు సరిగ్గా వేయండి చాలు" అంటారు.

డబ్బు తీసుకుంటున్న ఇద్దరి సంగతి మిగతావాళ్లకి తెలియాలి. ఎంత ఇస్తున్నారో చెప్పనక్కర్లేదు. "సౌండ్ రికార్డిస్ట్‌కీ ఎడిటర్‌కీ పారితోషికం ఇస్తున్నాం, మిగతావాళ్లెవరికీ ఇవ్వడం లేదు" అని ప్రతి మెమోలోనూ ఒక వాక్యం పెట్టండి. ఈ విషయం షూటింగ్ మూడో రోజు ఎవరి నోటో బయటపడితే, ఆ తర్వాత సెట్‌లో పని ముందుకి కదలదు.

పని గంటలు: రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది

"రోజుకి పన్నెండు గంటలు" అని రాస్తే చాలదు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకన్నది రాయాలి. లొకేషన్‌కి రమ్మన్న టైమ్ దగ్గర మొదలై, ఆ మనిషిని పంపించిన టైమ్ దగ్గర ముగుస్తుందని నేను రాస్తాను. ప్యాకప్ చెప్పిన టైమ్ అని రాయను. ఎందుకంటే ప్యాకప్ తర్వాత నటులు వెళ్లిపోతారు గానీ, లైట్లు విప్పేవాళ్లకీ మెమరీ కార్డులు కాపీ చేసేవాళ్లకీ ఇంకో గంటన్నర పని ఉంటుంది. ఆ గంటన్నర లెక్కలోకి రాకపోతే ప్రతిరోజూ అదే ఇద్దరు ముగ్గురు నలిగిపోతారు. వాళ్లే మరుసటి రోజు అందరికంటే ముందు రావలసినవాళ్లు కూడా.

మూడు అంకెలు పెట్టండి. భోజన విరామంతో కలిపి రోజుకి గరిష్ఠంగా 12 గంటలు. రమ్మన్న టైమ్ నుంచి 6 గంటల్లోపు భోజనం. ఒక రోజు పంపించినప్పటి నుంచి మర్నాడు రమ్మనేదాకా కనీసం 11 గంటల విశ్రాంతి. ఈ మూడో అంకెని చాలామంది మెమోలో పెట్టరు. రాత్రి 11కి పంపిస్తే మర్నాడు ఉదయం 10కి ముందు రమ్మనకూడదు. ఇలా రాసి ఉంటే షెడ్యూల్ వేసేటప్పుడే మీకు తెలిసిపోతుంది, రెండో రోజు నైట్ సీనూ మూడో రోజు సూర్యోదయం షాటూ పక్కపక్కన పెట్టకూడదని. నిద్రలేని మనిషి అర్ధరాత్రి బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లడం సెట్‌లో జరిగే ఏ పొరపాటు కంటే ప్రమాదం.

పన్నెండు గంటలు దాటాల్సి వస్తే ఏం చేస్తారన్నది కూడా ఉండాలి. డబ్బు తీసుకునేవాళ్లకి అదనపు గంటకి ఇంత అని రాస్తారు. వాలంటీర్లకి నేను ఇలా రాస్తాను: "సమయం దాటేలా ఉంటే అసిస్టెంట్ డైరెక్టర్ కనీసం అరగంట ముందు ఒక్కొక్కరినీ అడుగుతారు. ఉండలేనన్నవారు వెళ్లవచ్చు. దానివల్ల వారి పేరుకి గానీ మిగతా రోజులకి గానీ ఏ మార్పూ ఉండదు." షాట్ మధ్యలో అందరి ముందూ అడిగితే ఎవరూ కాదనలేరు. అందుకే అరగంట ముందు, విడివిడిగా అన్న మాటలు కావాలి.

ప్రతి వాలంటీర్ ఏ తేదీల్లో వస్తారో పేరు పేరునా రాయండి. నాలుగు రోజులూ రాలేనివాళ్ల చేత నాలుగు రోజులకి సంతకం పెట్టించడం కంటే, రెండు రోజులే రాసుకుని మిగతా రెండింటికి ఇంకొకరిని చూసుకోవడం నయం.

మీకు ఇన్సూరెన్స్ ఉంటే, సెట్‌లో దెబ్బ తగిలితే జీతం లేని మనుషులకి కూడా అది వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగులకి మాత్రమే వర్తించే పాలసీలు ఉంటాయి. వచ్చిన జవాబు మెమోలో ఒక వాక్యంగా రావాలి. వర్తించకపోతే, వర్తించదనే రాయండి.

టైటిల్స్‌లో పేరు: ఇదే వాళ్ల పారితోషికం

టైటిల్స్‌లో పేరు ఏ అక్షరాలతో పడాలో ఆ మనిషి చేతే మెమోలో రాయించండి. టైటిల్స్ ఇంగ్లీషులో వేస్తుంటే ఆ స్పెల్లింగ్ కూడా వాళ్లే రాయాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలు ఉండాలా వద్దా అన్నవి మీరు ఊహించి వేస్తే కచ్చితంగా తప్పుతాయి. పేరు పక్కన హోదా. సినిమా మొదట్లోనా చివర్లోనా, టైటిల్ కార్డు ఒక్కరిదేనా ఇంకొకరితో కలిపా అన్నది కూడా అక్కడే.

పని మధ్యలో ఆగిపోతే ఏమవుతుందన్నది గట్టిగా ఆలోచించి రాయాల్సిన చోటు. నా పద్ధతి ఇది: ఒప్పుకున్న రోజుల్లో సగం కంటే ఎక్కువ పనిచేసినవాళ్లకి ఆ హోదాతోనే పేరు పడుతుంది. అంతకంటే తక్కువైతే "అదనపు కెమెరా", "అదనపు సౌండ్" అనో, కృతజ్ఞతల్లోనో పడుతుంది. కారణం ఏదైనా ఇదే రూల్. గొడవపడి వెళ్లారా, ఒంట్లో బాగాలేక వెళ్లారా అని మెమో అడగకూడదు. సెట్‌లో హోదా మారితే, అంటే ఆర్ట్ అసిస్టెంట్‌గా వచ్చినవాళ్లు రెండో రోజు నుంచి బూమ్ పట్టుకుంటే, అదే రోజు మెమో మీద ఒక లైను కలిపి ఇద్దరూ పొట్టి సంతకం చేయండి.

పేరు పొరపాటున పడకపోతే ఏం చేస్తారో రాయండి. "తెలియజేసిన ముప్పై రోజుల్లో మాస్టర్ కాపీలో సరిచేస్తాం, ఆ తర్వాత వెళ్లే కాపీలన్నింటిలో సరైన పేరు ఉంటుంది, అప్పటికే వెళ్లిన కాపీల ప్రదర్శన ఆపమని అడగకూడదు" అంటే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. సినిమా పూర్తయ్యాక వాళ్లకి ఎన్ని రోజుల్లో కాపీ ఇస్తారో, షోరీల్‌లో తమ షాట్లు ఎప్పటి నుంచి వాడుకోవచ్చో కూడా చెప్పండి. ఆన్‌లైన్‌లో ముందే కనిపించిన సినిమాని తీసుకోని ఫెస్టివల్స్ ఉంటాయి కాబట్టి, సాధారణంగా మొదటి ప్రదర్శన అయ్యాక అని పెడతారు. అయితే ఎప్పటికీ ప్రదర్శన జరగకపోతే వాళ్ల పని మీ హార్డ్‌డిస్క్‌లోనే ఉండిపోతుంది. అందుకే "మొదటి ప్రదర్శన తర్వాత, లేదా షూటింగ్ ముగిసిన 18 నెలలకి, ఏది ముందైతే అది" అని రాస్తాను.

హక్కుల గురించి ఒక్క మాట. జీతం తీసుకునే ఉద్యోగి చేసిన పని చాలా దేశాల్లో యజమానికే చెందుతుంది. వాలంటీర్ ఉద్యోగి కాదు. తన పని మీద హక్కుని సినిమాకి ఇస్తున్నట్టు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. లేకపోతే రేపు ఎవరైనా సినిమాని కొందామన్నా, ఫలానా షాట్లు తీసినవాళ్ల కాగితం ఏదని అడుగుతారు. సంగీతానికి మాత్రం ఈ ఒక్క వాక్యం చాలదు, దానికి వేరే ఒప్పందం కావాలి.

పరికరాల పత్రం

ఒక టీమ్ షూటింగ్ అయిపోయాక, గొడవ తీర్చడానికి నన్ను పిలిచింది. వాళ్ల కెమెరామన్ తన స్నేహితుడి జూమ్ లెన్స్ ఒకటి తెచ్చాడు. అద్దె లేదు, కాగితం లేదు. షూటింగ్ అయ్యాక తిరిగి ఇచ్చేశాడు. వారం తర్వాత ఆ స్నేహితుడు తన పనికి వాడుకుంటే ఫ్రేమ్‌లో ఎడమవైపు అంచు మసకగా వస్తోంది, కుడివైపు బాగానే ఉంది. ఒకవైపు షార్ప్‌గా, దానికి ఎదురువైపు మసకగా ఉందంటే చాలావరకు లోపలి గాజు పక్కకి జరిగిందనో, మౌంట్ వంగిందనో అర్థం. కింద పడినా గట్టిగా తగిలినా అలా అవుతుంది. బయట చిన్న గీత కూడా ఉండదు. చేతిలోకి తీసుకుని చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది.

ఇక వాదన మొదలైంది. "మీ దగ్గరే పడింది" అని ఓనరు, "ముందు నుంచే అలా ఉందేమో" అని ప్రొడక్షన్. ప్రొడక్షన్‌కి ఇన్సూరెన్స్ ఉంది. కానీ ఆ పాలసీలో బయటి నుంచి తెచ్చిన పరికరాలకి రాతపూర్వక ఒప్పందం, ముందే అనుకున్న విలువ ఉండాలని రాసి ఉంది. రెండూ లేవు, క్లెయిమ్ తిరస్కరించారు. ఓనరు సొంత పాలసీ చూస్తే, వేరేవాళ్లకి ఇచ్చినప్పుడు అది వర్తించదు. కొత్త లెన్స్ ధర 100 అనుకుంటే, ఆ పాత లెన్స్ అప్పటి మార్కెట్ విలువ 60, రిపేరు ఖర్చు 18. ఓనరు కొత్త లెన్స్ అడిగాడు, ప్రొడక్షన్ ఏమీ ఇవ్వనంది. చివరికి ప్రొడక్షన్ ఆ 18 పెట్టి రిపేరు చేయించింది. కానీ కెమెరామన్‌కీ ఆ స్నేహితుడికీ మధ్య మాటలు లేకుండా పోయాయి. ఆ డబ్బు వాళ్ల ఎడిటింగ్ బడ్జెట్‌లోంచి పోయింది.

ఇప్పుడు అదే సంఘటనకి పత్రం ఉండి ఉంటే ఎలా నడిచేదో చూడండి. మొదట, ఓనరు ఎవరు అన్న గడి. తెచ్చినవాళ్లు వేరు, ఓనరు వేరు అయితే సంతకం ఓనరుదే కావాలి. కెమెరామన్ సంతకం చాలదు, ఎందుకంటే వేరేవాళ్ల లెన్స్ మీద షరతులు ఒప్పుకునే హక్కు అతనికి లేదు. తర్వాత వస్తువుల జాబితా: పేరు, సీరియల్ నంబరు, దాంతో వచ్చిన మూత, ఫిల్టర్, బ్యాటరీలు, పెట్టె. ఒక్కోదాని పక్కన ఇద్దరూ ఒప్పుకున్న విలువ. ఇది ఈ రోజు అలాంటి పాత వస్తువే కొనాలంటే అయ్యే ధర, కొత్తదాని ధర కాదు. ఆ లెన్స్‌కి 60 అని రాసి ఉంటే కొత్తది కావాలన్న వాదనే పుట్టదు.

తర్వాత స్థితి. "బాగుంది" అని రాస్తే ప్రయోజనం లేదు. ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. లెన్స్ అయితే ఒక న్యూస్ పేపర్‌ని గోడకి చదునుగా అతికించి, కెమెరాని స్టాండ్ మీద దానికి సూటిగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒక షాట్ తీయండి. జూమ్ అయితే రెండు చివర్లలోనూ తీయండి. నాలుగు మూలలూ ఒకేలా కనిపించాలి. తీసుకునేటప్పుడు ఒకసారి, తిరిగి ఇచ్చేటప్పుడు ఓనరు ముందే మరోసారి. పది నిమిషాల పని. ఈ రెండు షాట్లు ఉంటే తేడా ఎప్పుడొచ్చిందన్న ప్రశ్న ఉండదు. లైట్లకైతే వెలిగించి చూడటం, కెమెరాకైతే లెన్స్ పెట్టి, అపర్చర్ బాగా మూసి, సెన్సార్ మీద మచ్చలున్నాయేమో తెల్లగోడ షాట్‌తో చూసుకోవడం చాలు.

బాధ్యత ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకన్నది తేదీ, టైమ్‌తో ఉండాలి. ఓనరు చేతి నుంచి తీసుకున్నప్పటి నుంచి, తిరిగి ఇచ్చి పత్రం మీద సంతకం తీసుకునేవరకు ప్రొడక్షన్‌దే. రాత్రిళ్లు ఎక్కడ పెడతారో కూడా రాయండి. మనుషులు లేని బండిలోంచి దొంగతనం జరిగితే వర్తించని పాలసీలు చాలా ఉంటాయి కాబట్టి, సామాను బండిలో వదలకూడదన్నది కచ్చితంగా పెట్టండి.

పాడైతే ముందు రిపేరు. రిపేరు కాకపోయినా, దాని ఖర్చు విలువని మించినా ఒప్పుకున్న విలువ చెల్లింపు. అంతకు మించి లేదు. ఇన్సూరెన్స్‌లో మనం పెట్టుకోవాల్సిన మొదటి భాగం ఉంటుంది కదా, ఎక్సెస్ అంటారు, అది ఎవరు భరిస్తారో తేల్చండి. ఉచితంగా ఇచ్చినవాళ్ల మీద అది వేయకూడదు, ప్రొడక్షనే పెట్టుకోవాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి బాధ్యత లేదని, బ్యాటరీ సెల్స్, టేపు లాంటి ఖర్చయిపోయేవి ప్రొడక్షన్ కొంటుందని కలపండి. ఓనరు ఆ పరికరంతోనే బతుకుతుంటే, రిపేరులో ఉన్నన్ని రోజులు వాళ్లకి వేరేది అద్దెకి ఇప్పిస్తారా, ఎన్ని రోజుల వరకు అన్నది కూడా అడిగి రాసుకోండి.

ఇంకో వాక్యం వాలంటీర్ల వైపు నుంచి. "మామూలు పనిలో జరిగిన నష్టానికి వాలంటీర్ సొంతంగా డబ్బు కట్టనక్కర్లేదు, కావాలని చేస్తే తప్ప." ఇది వాళ్ల ఒక పేజీ మెమోలో ఉండాలి. ఇది లేకపోతే ఏదైనా తగిలినప్పుడు భయపడి చెప్పరు. అప్పుడు లెన్స్ పడిన సంగతి వారం తర్వాత ఓనరే కనిపెట్టాల్సి వస్తుంది. "ఏది తగిలినా వెంటనే చెప్పాలి" అన్నది దీనికి జతగా పెట్టండి.

ఈ పత్రం నింపాక విలువలన్నీ కూడి చూడండి. అన్నింటికంటే ఖరీదైన వస్తువుకి ఎక్సెస్ కట్టే డబ్బు మీ దగ్గర లేకపోతే ఆ వస్తువు తీసుకోకండి. ఇన్సూరెన్సే లేకపోతే, ఆ వస్తువు పూర్తి విలువ కట్టగలమా అని మిమ్మల్ని మీరే అడగండి. కట్టలేరంటే ఒక మెట్టు తక్కువ లెన్స్‌తో తీయడమే సరైనది.

రెండు చిక్కులు మిగిలాయి. మెమరీ కార్డు ఓనరుది, అందులో ఫుటేజ్ సినిమాది. ప్యాకప్ అవగానే "నా కార్డు నాకిచ్చేయండి" అంటే ఇవ్వాల్సి వస్తుంది. రెండు వేర్వేరు డిస్కుల మీద కాపీ అయి, తెరిచి చూసుకున్నాకే కార్డు తిరిగి ఇస్తామని రాయండి. రెండోది ఇంకా పెద్దది: కెమెరామన్ మధ్యలో వెళ్లిపోతే కెమెరా కూడా వెళ్లిపోతుందా? వస్తువు అతనిది, వద్దనే హక్కు మీకు లేదు. కానీ "ఆ రోజు షూటింగ్ ముగిసేవరకూ, ఆ తర్వాత ఇంకో 24 గంటలూ పరికరం సెట్‌లో ఉంటుంది, ఈలోపు ప్రొడక్షన్ వేరేది చూసుకుంటుంది" అని ముందే అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. తాను లేకుండా తన కెమెరాని ఎవరు పట్టుకోవచ్చో ఒక పేరు కూడా రాయించుకోండి.

మెమోలు పంపాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అర్థం కానిదీ నచ్చనిదీ చెప్పమనండి. మార్పులు చేత్తో రాసి పక్కన ఇద్దరూ పొట్టి సంతకం పెడితే సరిపోతుంది. ఒక కాపీ వాళ్లకి, ఒకటి మీకు. షూటింగ్ ఐదో రోజుకి పొడిగిస్తే మెమోలో కొత్త తేదీ కలిపితే చాలదు, పరికరాల పత్రం మీద తిరిగి ఇచ్చే తేదీని కూడా ఓనరు సంతకంతో మార్చండి, ఇన్సూరెన్స్‌ని కూడా ఆ రోజుకి పొడిగించుకోండి. నాలుగో రోజు అర్ధరాత్రితో పాలసీ ముగిసిపోతే, ఐదో రోజు పోయిన వస్తువుకి పూర్తి ధర మీ జేబులోంచే కట్టాలి.